మీటింగ్‌కి కాంటా పట్టుకెళ్లండి

ప్రశ్న: అక్కా, నమస్తే. నేను బోడుప్పల్‌లో ఒక పొదుపు సంఘానికి లీడర్‌ని. మేము పది మందిమి. కొందరు పొడులు, పచ్చళ్లు బాగా చేస్తారు, పండగలప్పుడు సకినాలు కూడా చేసి తెలిసినవాళ్లకు అమ్ముతారు. వచ్చే ఆదివారం మీటింగ్‌లో, ఇంట్లో చేసినవి సోషల్ మీడియాలో ఎలా అమ్ముకోవాలో ఒక గంట నన్నే మాట్లాడమన్నారు. వీడియోలు చూస్తే రీల్స్ అంటారు, పేజీ అంటారు, యాడ్స్ అంటారు. మావాళ్లలో సగం మందికి వాట్సాప్ తప్ప ఏదీ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు:

చెల్లెమ్మా, ఆ వీడియోలన్నీ పక్కన పెట్టండి. ఆదివారం మీటింగ్‌కి వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాంటా ఒకటి, ఒక నోట్‌బుక్, మీ ఫోన్ పట్టుకెళ్లండి. గంటసేపూ ఒకే ఒక్క వస్తువు గురించి మాట్లాడండి. నేనైతే కందిపొడి తీసుకుంటాను. నూనె ఉండదు కాబట్టి కారదు. సకినాల్లా దారిలో విరగదు. ఆవకాయలా ఏడాదికోసారి చేసేది కాదు, ఏ వారమైనా చేయొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, అయిపోగానే మనిషి మళ్లీ అడుగుతాడు. పొడి డబ్బా ఖాళీ అవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, అంటే నెలకోసారి అదే ఇంటి నుంచి ఆర్డర్ వస్తుంది. పది రకాలు పెట్టి ఒక్కోటి ఇద్దరికి అమ్మడం కంటే, ఒక రకం ఇరవై ఇళ్లకు అలవాటు చేయడం చాలా తేలిక.

ఫోన్ తీసేముందు ధర తేల్చండి. నేను చూసిన సంఘాల్లో ఎక్కువ మంది దెబ్బతిన్నది ఇక్కడే. అమ్మడం రాక నష్టపోయినవాళ్లు తక్కువ, బాగా అమ్ముతూ నష్టపోయినవాళ్లే ఎక్కువ.

ఒక లెక్క చెప్తాను. దీన్ని మీ దగ్గరి ధరలతో మార్చుకుని అందరి ముందూ బోర్డు మీద రాయండి. కందిపప్పు కిలో 150 రూపాయలు. పుట్నాలు పావుకిలో 30. ఎండుమిర్చి 100 గ్రాములు 30. జీలకర్ర 50 గ్రాములు 20. ఉప్పు, ఇంగువ కలిపి 10. మొత్తం 240 రూపాయలు. సరుకు బరువు కూడితే దాదాపు 1,450 గ్రాములు వస్తుంది. కానీ చేతికొచ్చే పొడి అంత ఉండదు. వేయించేటప్పుడు పప్పులో తడి పోతుంది, మిర్చి తొడిమలు తీసేస్తాం, గిర్నిలో కొంత అంటుకుపోతుంది. చివరికి 1,300 గ్రాముల దాకా మిగులుతుందని అనుకుందాం. పావుకిలో ప్యాకెట్లు అయిదు, పైన ఒక 50 గ్రాములు.

ఇప్పుడు అందరినీ అడగండి, ప్యాకెట్ ఎంతకు అమ్ముదామని. ఎవరో ఒకరు 80 అంటారు. 240ని అయిదుతో భాగిస్తే 48 అవుతుంది, 80కి అమ్మితే 32 రూపాయలు లాభం కదా అంటారు. అక్కడ ఆగి మిగతాది రాయండి. గ్యాస్‌కి, గిర్నికి కలిపి 40. జిప్ కవర్, దాని మీద లేబుల్ కలిపి ప్యాకెట్‌కి 9 చొప్పున 45. అంటే చేతినుంచి పోయింది 325. అయిదు ప్యాకెట్లకు వచ్చింది 400. మిగిలింది 75 రూపాయలు. పప్పు ఏరడం, వేయించడం, చల్లార్చడం, గిర్నికి పోయి రావడం, తూచి ప్యాక్ చేయడం, అన్నీ కలిపి రెండున్నర గంటలు. గంటకు 30 రూపాయలు పడింది. ఆ 30 అంకె కింద గీత గీసి కాసేపు ఊరుకోండి. ఏళ్లుగా చేస్తున్న పనికి కూలి ఎంత పడుతోందో అలా కాగితం మీద చూసినప్పుడు ఆడవాళ్ల మొహాలు మారడం నేను చాలాసార్లు చూశాను.

గంటకు 80 రూపాయలన్నా కూలి కట్టుకుంటే ఆ రెండున్నర గంటలకు 200. అప్పుడు అయిదు ప్యాకెట్లకు 525, ఒక్కోటి 105 రూపాయలకు తయారైనట్టు. 80కి అమ్మితే ప్యాకెట్‌కి 25 మన జేబులోంచి పెట్టి అమ్ముతున్నట్టే.

మరి ధర 140 చేద్దామా? చేయొచ్చు, కానీ కొత్తవాళ్ల దగ్గర ఆ ధరకు పావుకిలో పొడి కొనేవాళ్లు దొరకడం కష్టం. దారి వేరే ఉంది. కిలో పప్పు బదులు ఒకేసారి అయిదు కిలోలు చేయాలి. సరుకు అయిదింతలవుతుంది కానీ పని అయిదింతలు కాదు. గిర్నికి ఒకసారే పోతాం, మూకుడు ఒకసారే కడుగుతాం. ఇద్దరు కలిసి తలా మూడు గంటలు కూర్చుంటే 25 ప్యాకెట్లు అయిపోతాయి. ఇప్పుడు లెక్క చూడండి. సరుకు 1,200. గ్యాస్, గిర్ని 200. కవర్లు, లేబుళ్లు 225. ఆరు గంటల కూలి 480. ఫోన్ చూసుకునే మనిషికి ప్యాకెట్‌కి 5 చొప్పున 125 (ఆమె సంగతి తర్వాత చెప్తాను). రుచి చూపడానికి, పాడైనదానికి ఒక 100. మొత్తం 2,330. ప్యాకెట్ 120కి అమ్మితే 3,000 వస్తుంది. అందరి కూలీ పోయాక 670 రూపాయలు మిగులుతుంది.

ఇక్కడ ఒక భయం ఉంటుంది. అయిదు కిలోలు చేశాక ఎవరూ కొనకపోతే? ఫోన్ అవసరం సరిగ్గా ఇక్కడే వస్తుంది. చేసిపెట్టి కొనేవాళ్ల కోసం ఎదురుచూడకుండా, ముందు ఆర్డర్లు తీసుకుని, డబ్బు తీసుకుని, ఆ లెక్క ప్రకారం వారానికి ఒక్కసారే పొయ్యి వెలిగించడానికి వాట్సాప్ పనికొస్తుంది. మీ గంట ప్రసంగంలో మీవాళ్లకు ఒక్క మాటే గుర్తుండాలంటే అది ఇదే కావాలి. బుధవారం రాత్రి దాకా ఆర్డర్, గురువారం తయారీ, శుక్రవారం ఇవ్వడం. వచ్చింది 12 ఆర్డర్లే అయితే ఆ వారం రెండున్నర కిలోల పప్పే వేయిస్తాం. రానివారం చేయం. సరుకు మిగలదు, పాతబడదు.

ఇప్పుడు ఫోన్ తీయండి. ప్లే స్టోర్‌లో వాట్సాప్ బిజినెస్ అని ఉచితంగా దొరుకుతుంది. మామూలు వాట్సాప్ వాడటం వచ్చినవాళ్లకు అది కొత్తగా అనిపించదు. అందరి ఫోన్లలోనూ పెట్టించొద్దు. సంఘం తరఫున ఒక్క నంబరు, ఒక్క మనిషి. సొంత నంబరుతో పెడితే ఇంటి ముచ్చట్లు, ఆర్డర్లు కలిసిపోయి గందరగోళం అవుతుంది, కాబట్టి వేరే సిమ్ తీసుకోవడం మంచిది. వంట పెద్దగా ఇష్టం లేకపోయినా ఓపిగ్గా మాట్లాడే మనిషి, చదవడం రాయడం బాగా వచ్చిన మనిషి మీలో ఒకరు ఉంటారు. ఫోన్ ఆమెకివ్వండి. ప్యాకెట్‌కి అయిదు రూపాయలు అని నేను లెక్కలో రాసింది ఆమెకే. ఫోన్ చూడటం పనే కాదన్నట్టు ఊరికే చేయించుకుంటే రెండో నెలకి ఆమె మానేస్తుంది, ఆర్డర్లు ఆగిపోతాయి.

బిజినెస్ యాప్‌లో చాలా సౌకర్యాలు ఉన్నాయి కానీ మొదట మూడు చాలు. కేటలాగ్‌లో కందిపొడి ఫొటో, బరువు, ధర పెట్టండి. ఎవరు అడిగినా అదే పంపొచ్చు, ధర ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఒకటి చెప్పే ఇబ్బంది పోతుంది. రెండోది క్విక్ రిప్లై. ఎప్పుడిస్తారు, ఎక్కడిస్తారు, ఎన్నాళ్లు ఉంటుంది అనే ప్రశ్నలు రోజూ వస్తాయి, జవాబు ఒకసారి రాసి దాచుకుంటే తర్వాత రెండు అక్షరాలతో పోతుంది. మూడోది లేబుళ్లు. ఆర్డర్ ఇచ్చినవాళ్లకు ఒక రంగు, డబ్బు కట్టినవాళ్లకు ఒక రంగు, సరుకు ముట్టినవాళ్లకు ఒక రంగు. బుధవారం రాత్రి ఫోన్ చూస్తే ఎంత పప్పు వేయించాలో వేరే లెక్కలు లేకుండా తేలిపోవాలి.

ఫొటో గురించి ఎక్కువ చెప్పను. ఉదయం తొమ్మిది, పది గంటల వెలుగులో, కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా తీయండి. కవర్ ఫొటో ఒక్కటే పెడితే ఎవరికీ నోరూరదు. వేడివేడి అన్నంలో పొడి వేసి, మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి, ఆ నెయ్యి పొడిలోకి ఇంకుతుండగా తీయండి. తెలుగువాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు. ఒక సంఘంలో ఒకావిడ పప్పు వేగుతున్న మూకుడు చప్పుడు ఇరవై సెకన్లు వీడియో తీసి స్టేటస్‌లో పెట్టింది. మాట లేదు, పాట లేదు. గరిటె చప్పుడు, పప్పు రంగు మారడం, అంతే. ఆ వారం అడిగినవాళ్లంతా ఆ వీడియో చూసినవాళ్లే.

ఆర్డర్ మెసేజ్ మాత్రం మీటింగ్‌లో అందరితో కలిసి రాయించండి. ఇలా ఉంటే చాలు:

"ఈ వారం కందిపొడి. పావుకిలో 120 రూపాయలు. బుధవారం రాత్రి 8 లోపు ఆర్డర్ ఇచ్చినవాళ్లకే. గురువారం చేసి శుక్రవారం సాయంత్రం 5 నుంచి 7 దాకా ఉప్పల్ మెట్రో దగ్గర ఇస్తాం. ఇంటికి కావాలంటే బండి ఖర్చు మీది. కందిపప్పు, పుట్నాలు, ఎండుమిర్చి, జీలకర్ర, ఇంగువ, ఉప్పు తప్ప ఇంకేమీ లేవు. వెల్లుల్లి లేదు."

చివరి మాట చూశారా? వెల్లుల్లి తిననివాళ్లు కొందరు ఉంటారు, వెల్లుల్లి లేకపోతే ఒప్పుకోనివాళ్లూ ఉంటారు. ముందే చెప్తే ఇద్దరితోనూ మాట పడక్కర్లేదు. మెసేజ్‌లో "షుగర్ తగ్గుతుంది", "కీళ్ల నొప్పులు పోతాయి" లాంటివి మాత్రం రాయనివ్వకండి. మనం పొడి అమ్ముతున్నాం, మందు అమ్మడం లేదు. నిరూపించలేని మాట రాస్తే చట్టం ప్రకారం కూడా తప్పే.

ఈ మెసేజ్ ఎవరికి పంపాలి? ఒకే మెసేజ్‌ని చాలామందికి ఒకేసారి, విడివిడిగా పంపడానికి వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు అనేది ఒకటుంటుంది. అందులో ఒక సంగతి చాలామందికి తెలియదు. మన నంబరు ఎవరి ఫోన్‌లో సేవ్ అయి ఉందో వాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. రెండొందల మందికి పంపానని సంబరపడతాం, చేరింది ముప్పై మందికే కావచ్చు. అందుకని మొదటి ప్యాకెట్ చేతికిచ్చేటప్పుడే, "అక్కా, ఈ నంబరు కందిపొడి అని సేవ్ చేసుకోండి, ప్రతి సోమవారం మెసేజ్ వస్తుంది" అని నోటితో చెప్పాలి. తెలియని నంబర్లు సంపాదించి మెసేజ్‌లు గుప్పిస్తే చాలామంది బ్లాక్ చేస్తారు, రిపోర్ట్ కొడతారు, చివరికి నంబరే ఆగిపోతుంది. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో పెట్టాలంటే ముందు అడ్మిన్‌ని అడగండి. ఆ అపార్ట్‌మెంట్‌లోనే ఉండే ఒక కస్టమర్ తానుగా రుచి బాగుందని రాస్తే, మనం పది ఫొటోలు పెట్టినదానికంటే ఎక్కువ పని జరుగుతుంది. లెక్కలో మిగిలిన 50 గ్రాముల పొడి ఇలాంటివాళ్లకు చిన్న పొట్లం కట్టి ఇవ్వడానికే.

ఇన్‌స్టాగ్రామ్ సంగతి అడుగుతారు. ముఖ్యంగా వయసులో చిన్నవాళ్లు అడుగుతారు. వద్దనకండి, తర్వాత అనండి. రీల్ ఎక్కడికి పోతుందో మన చేతిలో ఉండదు. బెంగళూరు నుంచి, పుణె నుంచి అడగడం మొదలుపెడతారు. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ విషయం వస్తుంది. రాష్ట్రంలోనే అమ్ముకునే చిన్న వ్యాపారానికి ఉండే మినహాయింపు రాష్ట్రం దాటితే ఇలాంటి సరుకుకి వర్తించదు. ఈ సంగతి చాలామంది ఇంటి వ్యాపారులకు నోటీసు వచ్చేదాకా తెలియదు. అందుకే మొదటి ఆరు నెలలు తెలంగాణ దాటొద్దు. వరంగల్, కరీంనగర్ వాళ్లు అడిగితే ఆర్టీసీ కార్గోలో పంపొచ్చు. ఆ తర్వాత బయటి రాష్ట్రాల ఆర్డర్లు నిజంగానే వస్తుంటే, ట్యాక్స్ పని చేసే మనిషిని కలిసి అడిగి అప్పుడు మొదలుపెట్టండి.

తినే వస్తువు కాబట్టి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. ఇంట్లో చేస్తున్నాం కదా, మాకెందుకు అంటారు. డబ్బుకు అమ్మితే ఇల్లయినా కావాల్సిందే. మనలాంటి చిన్నవాళ్లకు లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ సరిపోతుంది. foscos.fssai.gov.in లో మనమే దరఖాస్తు చేసుకోవచ్చు, లేదంటే మీసేవ లాంటి సెంటర్‌లో చేయించుకోవచ్చు. ప్రభుత్వానికి కట్టే ఫీజు తక్కువే. ఏజెంట్లు వేలు అడిగితే ఇవ్వకండి. 14 అంకెల నంబరు వస్తుంది, అది లేబుల్ మీద వేయాలి. ఇక్కడ సంఘాలు ఒక పొరపాటు చేస్తాయి. ఆ రిజిస్ట్రేషన్ మనిషికి కాకుండా వండే చోటుకు వర్తిస్తుంది. ఒకరి ఇంటి మీద తీసుకుని నలుగురి ఇళ్లలో వండితే కుదరదు. అందుకే ఒక ఇల్లు ఖాయం చేసుకుని, గురువారం అక్కడే కూర్చుని చేయండి. రుచి కూడా ప్రతిసారీ ఒకేలా వస్తుంది.

లేబుల్ మీద పేరు, అందులో వేసినవన్నీ, బరువు, చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, ధర, చేసినవాళ్ల పేరు, అడ్రస్, ఫోన్, ఆ 14 అంకెల నంబరు, శాకాహారం అని తెలిపే ఆకుపచ్చ గుర్తు ఉండాలి. ప్రింటింగ్ షాపులో చేయిస్తే తేదీ దగ్గర ఖాళీ వదిలించి, పెన్నుతో కాకుండా స్టాంపుతో వేయండి. పెన్ను చెరిగిపోతుంది.

బరువు దగ్గర కాంటాని అందరికీ చూపించండి. ఒక ఖాళీ కవర్ కాంటా మీద పెట్టి ఎంత చూపిస్తుందో చదివించండి. ఏడెనిమిది గ్రాములు ఉంటుంది. కవర్‌తో కలిపి 250 తూస్తే లోపల పొడి 242 గ్రాములే ఉన్నట్టు. కొనేవాళ్లింట్లోనూ కాంటా ఉంటుంది. ఖాళీ కవర్ పెట్టి టేర్ బటన్ నొక్కి సున్నా చేసి, ఆ తర్వాత పొడి వేయాలి. పది మంది చేతులతోనూ ఒకసారి చేయించండి.

ఇక పాడవడం. నా సొంత అనుభవం చెప్తాను. మొదటి ఏడాది, ఆగస్టు నెల, బయట ముసురు. సాయంత్రం ఇవ్వాలన్న తొందరలో పొడి గోరువెచ్చగా ఉండగానే కవర్లలో నింపి సీల్ చేశాను. చెయ్యి పెడితే వేడి తెలియలేదు, చల్లారిందే అనుకున్నాను. గిర్నిలో పడ్డప్పుడు పొడి వేడెక్కుతుంది, కుప్పగా ఉంటే మధ్యలో ఆ వేడి చాలాసేపు ఉంటుంది. గంట తర్వాత చూస్తే కవర్ లోపలివైపు, పైభాగంలో సన్నగా మంచు పట్టినట్టు తడి. తుడిచేస్తే పోయేది కాదు, లోపల ఉంది కదా. పోతుందిలే అని ఇచ్చేశాను. పది రోజులకు 18 ప్యాకెట్లలో 11 వెనక్కి వచ్చాయి. పొడి ఉండలు కట్టి, ఒకదాంట్లో తెల్లగా బూజు కూడా వచ్చింది. డబ్బు వెనక్కి ఇవ్వడం కష్టం కాలేదు. ఆ అపార్ట్‌మెంట్‌లో మళ్లీ ఆర్డర్ రావడానికి ఏడాది పట్టింది, అదే ఇప్పటికీ బాధ.

అప్పటినుంచి నేను చేసేది ఇది. గిర్ని నుంచి రాగానే పొడిని పెద్ద పళ్లేల్లో వేలి మందం కంటే ఎక్కువ లేకుండా పరుస్తాను. పలచని పొడి బట్ట కప్పి రెండు గంటలు ఫ్యాన్ కింద ఉంచుతాను. తర్వాత ఒక్క ప్యాకెట్ నింపి, మూసి, అరగంట పక్కన పెడతాను. కవర్ లోపల ఆవిరి మచ్చ లేకపోతేనే మిగతావి నింపుతాను. గిర్నిలో మనకంటే ముందు ఏం ఆడించారో కూడా అడగాలి. మసాలానో, వేరుశనగో ఆడితే ఆ వాసన, ఆ నూనె మన పొడిలోకి వస్తుంది. వేరుశనగ పడనివాళ్లు ఉంటారు, వాళ్లకు అది ప్రమాదం కూడా. ముందు రెండు గుప్పెళ్ల పుట్నాలు ఆడించి అది తీసేశాక మనది ఆడించాలి, అయినా వేరుశనగ జాడ పూర్తిగా పోయిందని అనుకోవద్దు. నెలనెలా అయిదు కిలోలు దాటితే చిన్న మిక్సీ గిర్ని కొనుక్కోవడం గురించి అప్పుడు ఆలోచించొచ్చు.

ఎన్నాళ్లు నిలవ ఉంటుందో ఊహించి రాయకండి. ప్రతి విడత నుంచి ఒక ప్యాకెట్ వంటింటి అలమరలో దాచండి. పదిహేను రోజులకు, నెలకు, నెలన్నరకు తీసి వాసన చూడండి, అన్నంలో కలిపి తినండి. ముక్కిన వాసన మొదలైన రోజు రాసుకోండి. లేబుల్ మీద దానికంటే బాగా ముందు తేదీ వేయండి. కొబ్బరి, పల్లీ, నువ్వులు వేసిన పొడుల్లో నూనె ఉంటుంది కాబట్టి అవి త్వరగా ముక్కుతాయి. మొదట కందిపొడి చేయమన్నది అందుకే. వానాకాలంలో ఈ పరీక్ష మళ్లీ చేయాలి, ఎండాకాలం లెక్క అప్పుడు పనికిరాదు.

డబ్బు దగ్గరికి వద్దాం. సంఘం ఖాతా ఇద్దరు ముగ్గురి సంతకాలతో నడిచేది, దానికి ఫోన్‌పే, గూగుల్ పే పెట్టుకోవడం మామూలుగా కుదరదు. కాబట్టి డబ్బు ఒకరి సొంత ఖాతాలో పడుతుంది. దీనివల్ల రేపు మనసులు చెడకుండా ఇవాళే ఒక పద్ధతి పెట్టండి. ఫోన్ ఒకరి దగ్గర, డబ్బు పడే ఖాతా ఇంకొకరిది, నోట్‌బుక్ మూడో మనిషి దగ్గర. శుక్రవారం రాత్రి ముగ్గురూ కూర్చుని మూడూ సరిచూసుకుని, ఎవరి కూలి వాళ్లకు పంచేసి, మిగిలింది మళ్లీ సరుకుకి తీసిపెట్టాలి.

మోసం గురించి పది నిమిషాలు కేటాయించండి, ఇది దాటేయొద్దు. కొత్తగా అమ్మేవాళ్ల నంబరు కనపడగానే ఒక ఫోన్ వస్తుంది. మిలిటరీలో పనిచేస్తున్నానంటాడు, క్యాంపుకి 40 ప్యాకెట్లు కావాలంటాడు, బేరం ఆడడు. బేరం ఆడకపోవడమే మొదటి గుర్తు. డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీకు జమ అవుతుంది అంటాడు. పిన్ కొడితే మన డబ్బు పోతుంది. డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టే పనే లేదు. ఈ మాట మీరు చెప్పి వదిలేయకండి. అక్కడే ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరికి ఒక్క రూపాయి పంపించండి. పంపినవాళ్లు పిన్ కొట్టారు, అందుకున్నవాళ్లు ఏమీ కొట్టలేదు, కళ్లతో చూస్తారు. రెండోది, డబ్బు కట్టానని స్క్రీన్‌షాట్ పంపుతారు. స్క్రీన్‌షాట్‌ని నమ్మొద్దు, తయారుచేయడం చాలా తేలిక. మన యాప్‌లోనో బ్యాంకు ఖాతాలోనో జమ కనపడ్డాకే ఆ పేరుకు డబ్బు కట్టిన రంగు వేయాలి. ఒకవేళ ఎవరైనా పోగొట్టుకుంటే సిగ్గుపడి దాచొద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇవ్వడం దగ్గర హైదరాబాద్‌లో దూరమే సమస్య. బోడుప్పల్ నుంచి కూకట్‌పల్లికి ఒక 120 రూపాయల ప్యాకెట్ బైక్ మీద పంపితే బండి ఖర్చు పొడి ధరను దాటిపోవచ్చు. అందుకే ఒకచోట, ఒక సమయం అని పెట్టాం. దూరంవాళ్లకు ఇంకో దారి, ఆఫీసు నుంచి ఒకరు అయిదారు ప్యాకెట్లు కలిపి చెప్తే ఒకే బండిలో పంపండి, వాళ్లలో వాళ్లు ఖర్చు పంచుకుంటారు.

ఎంత జాగ్రత్తపడ్డా ఒక ఫిర్యాదు వస్తుంది. పొడి ఉప్పగా ఉందనో, ప్యాకెట్ చిరిగిందనో గ్రూపులో అందరి ముందూ రాస్తారు. అక్కడ వాదించొద్దు. "క్షమించండి అక్కా, ప్యాకెట్ మీద తేదీ ఒకసారి చెప్తారా" అని ఒక్క మాట అక్కడే రాసి, తర్వాత విడిగా మాట్లాడాలి. ఆ తేదీ నోట్‌బుక్‌లో చూస్తే ఆ విడతలో ఎంత ఉప్పు వేశాం, ఎవరు వేయించారు, ఇంకెవరికి ఇచ్చాం తెలుస్తుంది. తప్పు మనదైతే మిగతావాళ్లకు మనమే ముందు ఫోన్ చేసి మార్చి ఇస్తాం. ప్రతి విడతకీ నోట్‌బుక్‌లో ఒక పేజీ రాయమన్నది ఇందుకే. సరుకు బరువులు, వచ్చిన పొడి, చేసినవాళ్లు, తీసుకున్నవాళ్లు, అంతే.

గంటలో ఇదంతా పట్టదేమో అనిపిస్తే రిజిస్ట్రేషన్, జీఎస్టీ మాటలు కాగితం మీద రాసి పంచేయండి. ధర లెక్క, కాంటా, రూపాయి పంపడం మాత్రం చేసి చూపించండి. చివరి పది నిమిషాల్లో ఆ ఆర్డర్ మెసేజ్ మీ సంఘం మాటల్లో రాయించి, గదిలో ఉన్నవాళ్లు తలా తమకు బాగా తెలిసిన ఇద్దరికి అక్కడినుంచే పంపమనండి. పది మంది అంటే ఇరవై ఇళ్లు. బుధవారం రాత్రి ఎన్ని వచ్చాయో చూసి, గురువారం ఎంత పప్పు వేయించాలో తేల్చుకోవచ్చు. కాంటాలో బ్యాటరీలు ఉన్నాయో లేదో శనివారమే చూసుకోండి.